ఐఆర్ఆర్ ఒకటి చెబుతోంది, ఎన్‌పీవీ ఇంకోటి చెబుతోంది: క్రాసోవర్ రేటు దగ్గర అసలు ఏం జరుగుతుంది?

ప్రశ్న: సార్, తాండూరులో మాకు కందిపప్పు మిల్లు ఉంది. షెడ్డు ఒక్కటే, అందుకని రెండింట్లో ఒకటే చేయగలం. పాత లైనుకే పప్పును రంగు చూసి ఏరే సార్టెక్స్ మిషన్ పెడితే 40 లక్షలు, ఏడాదికి 14 లక్షలు మిగులుతుంది. పాతది పీకేసి కొత్త లైను వేస్తే కోటి రూపాయలు, ఏడాదికి 31 లక్షలు. రెండూ ఐదేళ్ళ లెక్కే. ఐఆర్ఆర్ చూస్తే చిన్నది 22 శాతం, పెద్దది 16.6 శాతం. 10 శాతం మీద ఎన్‌పీవీ వేస్తే పెద్దదే ఎక్కువ. బ్యాంకు 10.5 శాతానికి అప్పు ఇస్తానంటోంది. మా ఆడిటర్ గారు "క్రాసోవర్ రేటు చూసుకోండి" అన్నారు. అది ఎలా కట్టాలి, కట్టాక ఏం చేయాలి?

సమాధానం:

మీ లెక్కకు క్రాసోవర్ రేటు 12.86 శాతం. మీ డబ్బు ఖరీదు అంతకంటే తక్కువైతే కొత్త లైను మేలు, ఎక్కువైతే సార్టెక్స్ మేలు. అయితే బ్యాంకు వడ్డీ 10.5 శాతమే కదా, 12.86 కంటే తక్కువే కదా, కొత్త లైను వేసేద్దాం అని ఇక్కడే ఆగిపోకండి. మీ కేసులో అసలు చిక్కు అక్కడే ఉంది. కొత్తగా చదివేవాళ్ళకు ఒక మాట: ఎన్‌పీవీ అంటే రాబోయే ఏళ్ళ డబ్బును ఒక డిస్కౌంట్ రేటుతో ఈరోజు విలువకు తగ్గించి, అందులోంచి పెట్టుబడి తీసేస్తే మిగిలేది. అది సున్నా అయ్యే రేటే ఐఆర్ఆర్. ముందు ఆ 12.86 ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం.

రెండు ప్రాజెక్టుల్ని పక్కపక్కన పెట్టి చూడటం మానేసి, ఒకదానిలోంచి ఇంకోటి తీసేయండి. పెద్దదాంట్లోంచి చిన్నది తీస్తే, మొదట్లో అదనంగా పెట్టేది 60 లక్షలు, తర్వాత ఐదేళ్ళూ ఏటా అదనంగా వచ్చేది 17 లక్షలు. మీరు నిజంగా తేల్చుకోవాల్సిన ప్రాజెక్టు ఇదే. సార్టెక్స్ లాభమా కాదా అన్నది ప్రశ్నే కాదు, అది ఎలాగూ లాభమే. "సార్టెక్స్ దగ్గర ఆగకుండా ఇంకో 60 లక్షలు దించితే, ఆ 60 లక్షలకు ఏటా 17 లక్షలు చాలా?" అన్నదే ప్రశ్న.

ఆ అదనపు ప్రాజెక్టు ఐఆర్ఆర్ కట్టండి. 60ని 17తో భాగిస్తే 3.529. ఐదేళ్ళపాటు ఏటా వచ్చే ఒక్కో రూపాయి మొత్తం ఈరోజు విలువెంతో చెప్పే యాన్యుటీ ఫ్యాక్టర్ల పట్టికలో 12 శాతం దగ్గర 3.605, 13 శాతం దగ్గర 3.517 ఉంటాయి. 3.529 ఆ రెంటి మధ్య, 13కి బాగా దగ్గరగా పడుతుంది. అదే 12.86. క్రాసోవర్ రేటు అంటే ఇంతే, తేడా డబ్బు మీద వచ్చే ఐఆర్ఆర్. ఇర్వింగ్ ఫిషర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1930లోనే ఈ ఆలోచన రాశాడు. అందుకే కొన్ని పాఠ్యపుస్తకాల్లో దీన్ని ఫిషర్ రేటు అంటారు. పేరు ఏదైనా వస్తువు ఒకటే.

ఇప్పుడు గ్రాఫ్. మామూలుగా డిస్కౌంట్ రేటును అడ్డంగా, ఎన్‌పీవీని నిలువుగా వేస్తారు. ఫోనులో చూసేవాళ్ళకు సరిపడేలా నేను పక్కకు తిప్పి వేశాను. పైనుంచి కిందికి రేటు పెరుగుతుంది, ఎడమనుంచి కుడికి ఎన్‌పీవీ లక్షల్లో పెరుగుతుంది. o గుర్తు సార్టెక్స్, # గుర్తు కొత్త లైను, రెండూ ఒకే చోట పడితే X. నిలువు గీత సున్నా. దానికి ఎడమవైపు పడితే నష్టం.

```
     -20         0        20        40
  0.0%           |              o            #
  2.5%           |            o        #
  5.0%           |         o      #
  7.5%           |       o    #
 10.0%           |      o #
 12.5%           |    X
 15.0%           | #o
 17.5%          #| o
 20.0%       #   |o
 22.5%     #     o
 25.0%   #      o|
```

ఒక్కో గుర్తును దగ్గరి 2 లక్షలకు సరిచేసి పెట్టాను, అందుకే 12.5 దగ్గరే రెండూ కలిసినట్టు కనిపిస్తున్నాయి. అసలు కలిసేది 12.86 దగ్గర. అక్కడ రెండింటి ఎన్‌పీవీ 9.41 లక్షలు. గ్రాఫ్ వెనకున్న అంకెల్లో మీకు అవసరమైనవి ఇవి:

| డిస్కౌంట్ రేటు | సార్టెక్స్ ఎన్‌పీవీ (లక్షలు) | కొత్త లైను ఎన్‌పీవీ (లక్షలు) |
|---|---|---|
| 0% | 30.00 | 55.00 |
| 10% | 13.07 | 17.51 |
| 12% | 10.47 | 11.75 |
| 13% | 9.24 | 9.03 |
| 15% | 6.93 | 3.92 |
| 20% | 1.87 | -7.29 |

గ్రాఫులో # గుర్తులు ఎంత వేగంగా ఎడమకు జారిపోతున్నాయో గమనించండి. రేటు సున్నా నుంచి 25 శాతానికి వెళ్ళేసరికి కొత్త లైను 55 లక్షల లాభం నుంచి 16 లక్షల పైచిలుకు నష్టంలోకి పడింది. సార్టెక్స్ అదే దూరంలో 30 నుంచి సున్నాకు కొంచెం కింద వరకే జారింది. కారణం ఏమీ మాయ కాదు. కొత్త లైను రాబడి అంతా భవిష్యత్తులో ఉన్న పెద్ద మొత్తం, మొత్తం 155 లక్షలు. రేటు పెరిగితే కోత పడేది భవిష్యత్తు డబ్బుకే, ఈరోజు పెట్టే డబ్బుకు కాదు. కోత పడాల్సిన మొత్తం ఎక్కువ ఉన్నవాడికి దెబ్బ ఎక్కువ. అందుకే ఒక గీత నిటారుగా, ఇంకోటి వాలుగా ఉంటాయి. సున్నా దగ్గర పైన మొదలైన నిటారు గీత ఎక్కడో ఒక చోట వాలు గీతను కోసుకుంటూ కిందికి పోతుంది.

ఈ గ్రాఫును మూడు రేట్లు నాలుగు ముక్కలుగా కోస్తాయి. 12.86 కంటే కింద మాత్రమే ఎన్‌పీవీకీ ఐఆర్ఆర్‌కీ గొడవ. అక్కడ ఎన్‌పీవీ కొత్త లైను అంటుంది, ఐఆర్ఆర్ మాత్రం సార్టెక్స్ అంటుంది. 12.86 నుంచి 16.65 వరకు రెండు పద్ధతులూ సార్టెక్సే అంటాయి, గొడవే లేదు. 16.65 దాటాక కొత్త లైను నష్టం, సార్టెక్స్ ఇంకా లాభం. 22 శాతం దాటాక రెండూ వద్దు. చాలామంది విద్యార్థులు "ఎన్‌పీవీ, ఐఆర్ఆర్ ఎప్పుడూ కొట్టుకుంటాయి" అని రాస్తారు. అలా కాదు, క్రాసోవర్‌కు ఎడమవైపు మాత్రమే కొట్టుకుంటాయి. నేను ఇక్కడ గ్రాఫ్ తిప్పి వేశాను కాబట్టి పైవైపు అనాలి.

మరి గొడవ ఉన్నచోట ఐఆర్ఆర్ ఎందుకు తప్పు దారి చూపిస్తుంది? పుస్తకాల్లో రెడీగా ఉండే జవాబు ఒకటుంది: ఐఆర్ఆర్ మధ్యలో వచ్చే డబ్బును ఐఆర్ఆర్ రేటుకే తిరిగి పెట్టుబడి పెడతామని అనుకుంటుంది, ఎన్‌పీవీ క్యాపిటల్ ఖరీదు రేటుకు పెడతామని అనుకుంటుంది అని. పరీక్షలో అది రాస్తే మార్కులు పడతాయి, రాయండి. కానీ మిల్లు యజమానికి చెప్పేటప్పుడు నేను ఆ మాట వాడను. సార్టెక్స్ మీద ఏటా వచ్చే 14 లక్షలు మీరు ఇంటి ఖర్చుకు వాడుకున్నా దాని ఐఆర్ఆర్ 22 శాతమే, మారదు. దానికంటే సూటిగా ఉండే కారణం: 22 శాతం అన్నది 40 లక్షల మీద, 16.65 అన్నది కోటి మీద. వేర్వేరు మొత్తాల మీద వచ్చే శాతాల్ని పక్కపక్కన పెట్టి పోలుస్తున్నాం. మిగిలిన 60 లక్షలు ఏమవుతాయో ఐఆర్ఆర్ అడగదు.

మనం అడుగుదాం. ఐదేళ్ళపాటు ఏటా సమానంగా తిరిగి వచ్చేలా మీరు 60 లక్షల్ని వేరే చోట 11.2 శాతానికి పెట్టారనుకోండి. (ఈ 11.2 ఎందుకో కింద చెబుతాను.) ఏటా 16.32 లక్షలు చేతికొస్తుంది. దానికి సార్టెక్స్ 14 లక్షలు కలిపితే 30.32 లక్షలు. కొత్త లైను ఇచ్చేది 31 లక్షలు. రెండు దారుల్లోనూ కోటి రూపాయలే పెట్టారు, ఏటా 68 వేల తేడాతో కొత్త లైను గెలిచింది. ఇప్పుడు ఆ 60 లక్షలు 14 శాతానికి పెట్టగలిగారనుకోండి. ఏటా 17.48 లక్షలు వస్తుంది, సార్టెక్స్‌తో కలిపి 31.48 లక్షలు. ఈసారి సార్టెక్స్ దారి గెలిచింది. సరిగ్గా 12.86 శాతం దగ్గర ఆ 60 లక్షలు ఏటా 17 లక్షలు తెస్తాయి, 14 కలిపితే 31, రెండు దారులూ సమానం. మా అన్నయ్యకు ఎన్‌పీవీ అంటే తెలియదు, ఇలా చెబితే రెండు నిమిషాల్లో పట్టుకున్నాడు.

ఇక మీ డబ్బు ఖరీదు ఎంత? బ్యాంకు రేటు 10.5 శాతం కాబట్టి అదే డిస్కౌంట్ రేటు అనుకోవడం నేను అప్పుల ఫైళ్ళు చూసిన రోజుల్లో ప్రతి మూడో ప్రాజెక్ట్ రిపోర్టులోనూ కనిపించేది. బ్యాంకు కోటి మొత్తం ఇవ్వదు, మీ వాటా అడుగుతుంది. ఆ వాటాకు కూడా ఖరీదు ఉంది, ఎవరూ దానికి నోటీసు పంపరు అంతే.

ఉదాహరణకు 60 శాతం అప్పు, 40 శాతం సొంత డబ్బు అనుకుందాం. వడ్డీ ఖర్చు పన్నులో తగ్గుతుంది కాబట్టి 10.5 శాతం అప్పు మీకు నిజంగా పడేది సుమారు 8 శాతం అనుకుందాం. అది మీ పన్ను రేటును బట్టి మారుతుంది, ఆడిటర్ గారిని అడగండి. 0.6 ఇంటూ 8 అంటే 4.8. ఇక సొంత డబ్బు 40 శాతం. అది మీ నాన్నగారు పెడతారనుకుందాం. ఆయన ఆ డబ్బును మిల్లులో పెట్టే రిస్కుకు ఏటా 16 శాతం కోరుకుంటారనుకుంటే 0.4 ఇంటూ 16 అంటే 6.4. మొత్తం 11.2 శాతం. పైన నేను వాడింది ఇదే. 12.86 కంటే తక్కువ కాబట్టి కొత్త లైను.

అదే ఆయన 20 శాతం కోరుకుంటే? 0.4 ఇంటూ 20 అంటే 8, దానికి 4.8 కలిపితే 12.8. క్రాసోవర్ గీత మీదే వచ్చి కూర్చున్నారు. 20 కంటే కాస్త ఎక్కువ అడిగినా అవతలికి దాటిపోతారు. కాబట్టి క్రాసోవర్ రేటు మీ ఇంట్లో అడగమంటున్న ప్రశ్న ఇది: మీ నాన్నగారి సొంత డబ్బుకు ఇంతే రిస్కుతో ఏటా 20 శాతం తెచ్చే వేరే చోటు ఉందా? పంట సీజన్లో కందులు కొని నిల్వ పెట్టుకోవడానికి ఆయనకు డబ్బు చాలక, ఆ వ్యాపారంలో 20 శాతం పైగా మిగులుతున్నట్టయితే, ఉన్నట్టే. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పడి ఉన్నదైతే, లేనట్టే. డిస్కౌంట్ రేటు ఫలానా అని కచ్చితంగా తెలియక్కర్లేదు, 12.86కి ఇటా అటా అన్నది తెలిస్తే చాలు. క్రాసోవర్ చేసే మేలు అదే. ఖరీదు 9 నుంచి 11 మధ్య ఎక్కడున్నా జవాబు మారని మిల్లుకు దాన్ని దశాంశాల దాకా లెక్కకట్టడం వృథా పని.

ఇక్కడ ఒక్క విషయం అడగాలి. మీరు చెప్పిన 14, 31 లక్షలు బ్యాంకు వడ్డీ తీసేశాక మిగిలేవా, తీయక ముందువా? వడ్డీ తీసేసి చెప్పి ఉంటే ఈ లెక్కంతా తప్పు. వడ్డీ ఖర్చు డిస్కౌంట్ రేటులోనే ఉంది. రాబడిలోంచి కూడా తీసేస్తే ఒకే వడ్డీని రెండుసార్లు కట్టినట్టు. పైగా ఈ తప్పు రెండు ప్రాజెక్టులకూ సమానంగా తగలదు. కొత్త లైనుకు అప్పు ఎక్కువ కాబట్టి దాని రాబడిలోంచి ఎక్కువ వడ్డీ పోతుంది, తేడా 17 లక్షలు చిన్నదైపోతుంది, క్రాసోవర్ రేటు కిందికి జారుతుంది. అంటే పెద్ద ప్రాజెక్టు అన్యాయంగా ఓడిపోతుంది. అప్పులో అసలు తీర్చే వాయిదా సంగతీ అంతే, తీయకూడదు. పన్ను మాత్రం తీయాలి. అయితే ఆ పన్ను అప్పే లేదనుకుని కట్టింది కావాలి, ఎందుకంటే వడ్డీ వల్ల తగ్గే పన్నును 10.5ని 8 చేసినప్పుడే వాడేసుకున్నాం.

ఎక్సెల్‌లో వేసుకోవాలంటే ఏడాదులు A లో, సార్టెక్స్ B2 నుంచి B7 వరకు, కొత్త లైను C2 నుంచి C7 వరకు పెట్టుకోండి. మొదటి గడిలో -40, -100.

```
D2:  =C2-B2        (D7 వరకు కిందికి లాగండి)
D9:  =IRR(D2:D7)
B10: =B2+NPV(0.10,B3:B7)
C10: =C2+NPV(0.10,C3:C7)
```

B10 లో B2 ని బయట పెట్టి కలిపాను చూడండి. ఎక్సెల్ NPV ఫంక్షన్ తనకిచ్చిన మొదటి అంకె ఒక ఏడాది తర్వాత వస్తుందనుకుంటుంది. మొత్తం B2:B7 ని లోపల పెట్టేస్తే ఈరోజు పెట్టే 40 లక్షల్ని కూడా ఒక ఏడాది డిస్కౌంట్ చేస్తుంది. ఈ తప్పు పట్టుకోవడం ఎందుకు కష్టమో చెబుతాను. ఇలా చేస్తే రెండు ప్రాజెక్టుల ఎన్‌పీవీలూ ఒకే సంఖ్యతో భాగింపబడతాయి. 10 శాతం దగ్గర అది 1.1. కాబట్టి గీతలు కోసుకునే చోటు మారదు, సున్నాను తాకే చోట్లు కూడా మారవు. క్రాసోవర్ సరిగ్గా 12.86 అనే వస్తుంది, ఐఆర్ఆర్‌లు సరిగ్గా వస్తాయి, గ్రాఫ్ అందంగా ఉంటుంది. ఎత్తులు మాత్రం తప్పు. కొత్త లైను 17.51 బదులు 15.92 చూపిస్తుంది. ఒకసారి నా దగ్గరికి వచ్చిన రిపోర్టులో ఇదే జరిగింది. నేను క్రాసోవర్ సరిచూసి సంతకం పెట్టేశాను, పై అధికారి చేత్తో ఒక గడి లెక్కేసి పట్టుకున్నారు. ఆరోజు నాకు బాగానే చురకలు పడ్డాయి. అప్పటినుంచి ఏదో ఒక రేటు దగ్గర ఎన్‌పీవీని చేత్తో వేసి చూస్తాను. మీరు 10 శాతం దగ్గర చూడండి: 31ని యాన్యుటీ ఫ్యాక్టర్ 3.7908తో గుణించి 100 తీస్తే 17.51 రావాలి.

తీసివేత ఏ వైపునుంచి చేసినా రేటు అదే వస్తుంది. కానీ పెద్దదాంట్లోంచి చిన్నది తీయండి, మొదటి అంకె మైనస్‌లో ఉండేలా. తిరగేసి తీస్తే ముందు 60 లక్షలు చేతికొచ్చి తర్వాత ఏటా 17 లక్షలు కట్టినట్టు కనిపిస్తుంది. అది పెట్టుబడి కాదు, అప్పు. అప్పు మీద 12.86 శాతం అంటే "మీ ఖరీదు ఇంతకంటే తక్కువుంటే వద్దు" అని చదవాలి. జనం అలవాటుగా "ఎక్కువ శాతం మంచిది" అని చదివేసి తలకిందులైపోతారు.

చేత్తో గీసేవాళ్ళకు ఒక మాట. 10 శాతం దగ్గరా, 15 శాతం దగ్గరా రెండు ఎన్‌పీవీల తేడాలు కట్టి మధ్యలో సరళరేఖ గీస్తే 12.98 వస్తుంది, 12.86 కాదు. గీతలు నిజానికి వంపు తిరిగి ఉంటాయి, తిన్నగా గీస్తే రేటు కొంచెం ఎక్కువ చూపిస్తుంది. 12కీ 13కీ మధ్య గీస్తే 12.86 వస్తుంది. ఖరీదు క్రాసోవర్‌కు దగ్గరగా ఉన్న మీలాంటి కేసులో ఈ చిన్న తేడా కూడా ముఖ్యమే.

మీ కేసులో గొడవ పెట్టుబడి సైజు వల్ల వచ్చింది. పెట్టుబడి సమానంగా ఉన్నా గొడవ రావచ్చు. 100 లక్షలే పెట్టి ఒకటి మూడేళ్ళలో 70, 40, 20 తెస్తుంది, ఇంకోటి 10, 40, 100 తెస్తుందనుకోండి. మొదటిదాని ఐఆర్ఆర్ 18.2, రెండోదానిది 17.1. తీసివేస్తే మొదటి ఏడాది 60 వదులుకుని మూడో ఏడాది 80 పొందడం మిగులుతుంది. రెండేళ్ళు ఆగినందుకు 60 కాస్తా 80 అవుతోంది. 80ని 60తో భాగించి వర్గమూలం తీస్తే 1.1547, అంటే క్రాసోవర్ 15.47 శాతం. ఇక్కడ కొనేది మిషన్ కాదు, ఓపిక. పద్ధతి మాత్రం అదే.

తేడా వరుసలో మైనస్, ప్లస్, మళ్ళీ మైనస్ వస్తే మాత్రం జాగ్రత్త. కొత్త షెడ్డు లీజు భూమిలో వేసి, చివర్లో అంతా కూల్చి నేల సాపు చేసి ఇవ్వాల్సి వస్తే అలా అవుతుంది. -100, 230, -132 అనే తేడా వరుసకు 10 శాతం దగ్గర ఒకటి, 20 శాతం దగ్గర ఒకటి, రెండు క్రాసోవర్లు ఉన్నాయి. కావాలంటే వేసి చూడండి. ఆ రెంటి మధ్యే పెద్దది గెలుస్తుంది, ఇటూ అటూ చిన్నది గెలుస్తుంది. ఎక్సెల్ మీకు ఒక్కటే చూపిస్తుంది, రెండోది ఉందని చెప్పదు. అలాంటప్పుడు ఒక గడిని నమ్మకుండా గ్రాఫ్ గీసి చూడటమే దారి. మీ వరుసలో గుర్తు ఒక్కసారే మారింది, మీకా బాధ లేదు. అలాగే ఒక మిషన్ ఐదేళ్ళు, ఇంకోటి పదేళ్ళు ఆడితే ఈ లెక్క నేరుగా పనిచేయదు, ఐదేళ్ళ తర్వాత ఏంటో ముందు తేల్చాలి.

చివరగా మీ 31 లక్షల గురించి. ఈ మొత్తం లెక్కలో నాకు అన్నిటికంటే అనుమానం దాని మీదే. సార్టెక్స్ అంటే నడుస్తున్న లైనుకే ఒక మిషన్ తగిలించడం, దాని 14 లక్షలు మీకు అనుభవం మీద తెలుసు. కొత్త లైను 31 లక్షలు మాత్రం అమ్మేవాళ్ళు చెప్పిన కెపాసిటీ మీద కట్టింది అయ్యుంటుంది. అది 31 కాక 30 వచ్చిందనుకోండి, ఒక్క లక్షే తగ్గింది. కొత్త లైను ఐఆర్ఆర్ 16.65 నుంచి 15.24కి వస్తుంది, పెద్దగా కంగారు పుట్టించదు. కానీ తేడా 17 నుంచి 16కి పడింది కదా, క్రాసోవర్ 12.86 నుంచి 10.43కి జారిపోతుంది. ఇప్పుడు 11.2 శాతం ఖరీదు క్రాసోవర్‌కు అవతల పడింది. కొత్త లైను ఎన్‌పీవీ 10.32 లక్షలు, సార్టెక్స్ 11.48 లక్షలు. అంటే రాబడిలో మూడు శాతం తప్పు నిర్ణయాన్నే తిప్పేసింది. తేడా మీద కట్టే రేటు కాబట్టి రెండు పెద్ద అంకెల్లోని చిన్న తప్పు కూడా తేడాలో పెద్దదై కనిపిస్తుంది.

ఆ 31 లక్షలు ఏడాదికి ఎన్ని రోజులు లైను నడుస్తుందని కట్టారో ఒకసారి చూడండి. 300 రోజులు అని వేసి ఉంటే, 31ని 30 చేయడానికి ఏడాదిలో పది రోజులు లైను ఆగితే చాలు. కందులు రాని నెలల్లో మీ పాత లైను ఎన్ని రోజులు ఖాళీగా ఉంటుందో మీకు తెలుసు. పోయిన మూడేళ్ళ కరెంటు బిల్లులు తీసి, లైను నిజంగా ఆడిన రోజులు లెక్కపెట్టి, ఆ అంకెతో D9 మళ్ళీ వేసి ఇక్కడే రాయండి.